498ఏ కేసులో ఆడపడుచు పేరు కూడా.. క్వాష్ పిటిషన్ ఎలా రాస్తారు? హైకోర్టు ముందుగా చూసేది ఇదే!

భార్యాభర్తల గొడవ పోలీస్ స్టేషన్‌కు చేరితే ఎఫ్ఐఆర్‌లో భర్త ఒక్కడి పేరే ఉండటం అరుదు. అత్తమామలు, ఆడపడుచు, ఆమె భర్త.. ఎక్కడో వేరే ఊళ్లో ఉంటున్నా అందరూ నిందితుల జాబితాలోకి వస్తారు. అలాంటప్పుడు హైకోర్టులో వేసేదే క్వాష్ పిటిషన్. 'ఇది తప్పుడు కేసు' అని పేజీలకు పేజీలు రాస్తే కేసు కొట్టేస్తారనుకుంటే పొరపాటే. మరి ఆ పిటిషన్‌లో ఏం రాయాలి? ఏం రాయకూడదు? ఒక ఉదాహరణతో పూర్తి వివరాలు.

అసలు క్వాష్ అంటే ఏంటి?

కింది కోర్టులో విచారణ జరగకుండానే ఎఫ్ఐఆర్‌ను లేదా ఛార్జిషీట్‌ను హైకోర్టు రద్దు చేయడాన్ని క్వాష్ అంటారు. గతంలో ఇందుకు సీఆర్పీసీ సెక్షన్ 482 ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 వచ్చింది. ఐపీసీ 498ఏ కూడా బీఎన్ఎస్‌లో సెక్షన్ 85గా మారింది. క్రూరత్వం అంటే ఏమిటో సెక్షన్ 86 చెబుతుంది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ '498ఏ కేసు' అనే మాటే ఉంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. వేధింపులు 2024 జులై 1కి ముందు జరిగాయని ఫిర్యాదులో ఉంటే ఐపీసీ 498ఏ వర్తిస్తుంది, ఆ తర్వాత జరిగాయంటే బీఎన్ఎస్ 85 వర్తిస్తుంది. పిటిషన్ మాత్రం ఇప్పుడు వేస్తున్నది కాబట్టి 528 కిందే వేయాలి. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టారో, ఆరోపణల తేదీలు ఏమిటో పోల్చి చూడటం పిటిషన్ రాసేవారి మొదటి పని.

'తప్పుడు కేసు' అంటే సరిపోదు.. ఎందుకు?

ఎవరు చెప్పేది నిజం, ఎవరు చెప్పేది అబద్ధం అని తేల్చేది ట్రయల్ కోర్టు. సాక్షులను పిలవడం, క్రాస్ ఎగ్జామినేషన్ చేయడం అక్కడే జరుగుతుంది. క్వాష్ పిటిషన్ విచారించే జడ్జి ఆ పని చేయరు. ఆయన ముందు ఉండే ప్రశ్న ఒక్కటే.. ఫిర్యాదులోని ప్రతి మాటా నిజమే అనుకున్నా, ఈ వ్యక్తి మీద నేరం నిలబడుతుందా?

హర్యానా ప్రభుత్వం వర్సెస్ భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఏడు రకాల సందర్భాలను గుర్తించింది. అందులో మొదటిదే ఇది. ఎఫ్ఐఆర్‌లోని ఆరోపణలను యథాతథంగా తీసుకున్నా నేరం కనబడకపోతే ఆ కేసును రద్దు చేయొచ్చు. దర్యాప్తు పూర్తయ్యాక సేకరించిన ఆధారాలతో కలిపి చూసినా నేరం కనబడకపోవడం మూడోది. కక్ష తీర్చుకోవడానికే పెట్టిన కేసు అని స్పష్టంగా కనబడటం ఏడోది.

చాలామంది నేరుగా ఏడోదానికి పోతారు. 'కోడలు కక్షగట్టింది, డబ్బు గుంజడానికే కేసు పెట్టింది' అని రాస్తారు. జడ్జి అది చదివి, 'ఆమె కక్షతో పెట్టిందో, బాధతో పెట్టిందో ట్రయల్‌లో తేలుతుంది, వెళ్లి అక్కడ చెప్పుకోండి' అంటారు. అదే మొదటిదాన్ని పట్టుకుని 'ఫిర్యాదులో నా గురించి ఉన్నది ఇంతే, అందులో నేరం లేదు' అని చూపిస్తే జడ్జి ఆ ఫిర్యాదును చదివి తీరాలి. అబద్ధమని వాదించడం కన్నా ఆ ఫిర్యాదులో ఏం లేదో చూపించడమే ఈ పిటిషన్‌కు బలం.

ఒక ఉదాహరణ.. ఐదు వాక్యాల ఫిర్యాదు

ఇది కేవలం అర్థం కావడం కోసం కల్పించిన కేసు. 2022 మేలో హన్మకొండలో పెళ్లి జరిగింది. దంపతులు అత్తమామలతో కలిసి హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉండేవారు. ఆడపడుచుకు 2017లోనే పెళ్లయింది, బ్యాంకు ఉద్యోగి అయిన భర్తతో విశాఖపట్నంలో ఉంటోంది. 2024 నవంబర్‌లో కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది. 2025 జనవరిలో భర్త విడాకుల నోటీసు పంపాడు. ఫిబ్రవరిలో ఆమె పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. భర్త ఏ1, మామ ఏ2, అత్త ఏ3, ఆడపడుచు ఏ4, ఆమె భర్త ఏ5. సెక్షన్లు బీఎన్ఎస్ 85తో పాటు వరకట్న నిషేధ చట్టంలోని 3, 4.

ఫిర్యాదు సారాంశం ఐదు వాక్యాలు అనుకుందాం.

ఒకటి: పెళ్లప్పుడు మా నాన్న రూ.10 లక్షలు, 15 తులాల బంగారం, ఆడపడుచు కట్నంగా రూ.లక్ష ఇచ్చారు.

రెండు: ఆరు నెలలు నన్ను బాగానే చూసుకున్నారు.

మూడు: ఆ తర్వాత నా భర్త, అత్తమామలు, ఆడపడుచు, ఆమె భర్త అందరూ కలిసి అదనపు కట్నం తేవాలని శారీరకంగా, మానసికంగా వేధించారు.

నాలుగు: 2024 సెప్టెంబర్ 15 రాత్రి ప్లాటు కొనడానికి రూ.5 లక్షలు తెమ్మని నా భర్త చెంప మీద కొట్టాడు, 'తెస్తేనే ఇంట్లో ఉండు' అని అత్త అంది.

ఐదు: ఆడపడుచు, ఆమె భర్త ఫోన్లో నా భర్తను రెచ్చగొట్టేవారు.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు?

పిటిషన్ రాయడానికి ముందు ఒక కాగితం మీద నిందితుల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసుకుని, ఒక్కొక్కరి ఎదురుగా ఈ నాలుగు ప్రశ్నలకు ఫిర్యాదులో జవాబు ఉందా అని చూసుకోవాలి.

భర్త విషయంలో నాలుగింటికీ జవాబు ఉంది. తేదీ ఉంది, ఇల్లు ఉంది, డబ్బు డిమాండ్ ఉంది, కొట్టడం ఉంది. ఇది నిజమో కాదో ట్రయల్‌లో తేలాల్సిందే. అత్త విషయంలోనూ ఒక మాట, ఒక తేదీ ఉన్నాయి. వీళ్లిద్దరికీ క్వాష్ కష్టం. మామ పేరు మూడో వాక్యంలోని 'అందరూ'లో తప్ప ఎక్కడా లేదు. కానీ ఆయన అదే ఇంట్లో ఉన్నారు. కాబట్టి ఆయన పరిస్థితి అటూ ఇటూ కానిది.

ఆడపడుచు భర్త మీద ఉన్నవి మూడు, ఐదు వాక్యాలే. ఎప్పుడు ఫోన్ చేశాడు? ఏం అన్నాడు? ఆ ఫోన్ తర్వాత ఏం జరిగింది? ఒక్కదానికీ జవాబు లేదు. ఆడపడుచు మీద కూడా అంతే. అయితే ఆమె పేరున మొదటి వాక్యంలో రూ.లక్ష ఉంది.

అందుకే ఇలాంటి కేసులో ఏ4, ఏ5 ఇద్దరే కలిసి ఒక పిటిషన్ వేయడం మేలు. ఐదుగురూ ఒకే పిటిషన్‌లోకి వస్తే జడ్జి కళ్లు ముందుగా పడేది సెప్టెంబర్ 15 చెంపదెబ్బ మీదే. వాదన మొత్తం దాని చుట్టే తిరుగుతుంది. విశాఖలో ఉన్నవాళ్ల సంగతి వెనక్కి పోతుంది. భర్తకు బెయిల్, ట్రయల్ అనే దారి వేరే ఉంది.

'కొట్టారు' అంటే ఒక్కరా.. అందరా?

హైకోర్టులో పిటిషన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగులో ఉన్న ఫిర్యాదుకు ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేది ఇక్కడే.

తెలుగులో 'కొట్టారు', 'తిట్టారు' అనే మాటలకు రెండు అర్థాలు ఉన్నాయి. పలువురు కలిసి కొట్టినా 'కొట్టారు' అంటాం. మర్యాదగా ఒక్కరి గురించి చెప్పేటప్పుడూ 'మావారు కొట్టారు' అంటాం. పైగా తెలుగు వాక్యంలో కర్త లేకపోయినా నడుస్తుంది. 'ఆ రోజు రాత్రి తిట్టి బయటకు పంపించేశారు' అని ఫిర్యాదులో ఉంటే, ముందు వాక్యం భర్త గురించి అయితే అది భర్త ఒక్కడే కావచ్చు. అనువాదకుడు మాత్రం అలవాటుగా 'వాళ్లందరూ' అని అర్థం వచ్చేలా రాసేస్తాడు. అక్కడితో విశాఖలో ఉన్న ఆడపడుచు కూడా ఆ రాత్రి కూకట్‌పల్లిలో ఉన్నట్టు అయిపోతుంది. పిటిషనర్ జత చేసిన కాగితమే పిటిషనర్ మెడకు చుట్టుకుంటుంది.

కాబట్టి అనువాదాన్ని తెలుగు ప్రతి పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చాలి. కర్త లేని చోట అనువాదంలో కొత్తగా కర్తను చేర్చకూడదు. అలాగని ఉన్న పేరును తీసేయకూడదు. ఎదుటి లాయర్ తెలుగు ప్రతి చదివి వినిపిస్తే పరువు పోయేది పిటిషనర్‌దే.

పిటిషన్‌లో ఏమేం ఉంటాయి?

మొదట కాజ్ టైటిల్. తెలంగాణ కేసు అయితే హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టు, ఆంధ్రప్రదేశ్ కేసు అయితే అమరావతిలోని ఏపీ హైకోర్టు. పిటిషనర్లుగా ఏ4, ఏ5 పేర్లు, క్రైమ్ నంబర్‌లో వాళ్లు ఎన్నో నిందితులో రాయాలి. మొదటి రెస్పాండెంట్ రాష్ట్ర ప్రభుత్వం, హైకోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా. రెండో రెస్పాండెంట్ ఫిర్యాదు ఇచ్చిన మహిళ. ఆమెను కోర్టు భాషలో డీ ఫ్యాక్టో కంప్లైనెంట్ అంటారు. ఆమె సరైన చిరునామా ఇవ్వకపోతే నోటీసు అందక కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతుంది.

తర్వాత కేసు వివరాలు. ఇది రెండు పేజీలు దాటకపోవడమే మంచిది. పెళ్లి ఎప్పుడు, పిటిషనర్లు ఎక్కడ ఉంటారు, ఫిర్యాదు ఎప్పుడు, అందులో ఏముంది అని తేదీల వరసలో చెబితే చాలు. ఫిర్యాదు సారాంశం రాసేటప్పుడు భర్త మీద ఉన్న ఆరోపణను దాచకూడదు. జడ్జి ఎలాగూ ఎఫ్ఐఆర్ చదువుతారు. 'ఏ1 మీద నిర్దిష్టమైన ఆరోపణ ఉంది, దాని మీద ఈ పిటిషనర్లు ఏమీ వ్యాఖ్యానించడం లేదు' అని ఒక్క మాట రాస్తే పిటిషన్ మీద నమ్మకం పెరుగుతుంది.

ఆ తర్వాత గ్రౌండ్స్, అంటే రద్దు కోరే కారణాలు. ఇంతకుముందు ఇదే విషయంపై వేరే పిటిషన్ వేయలేదన్న ప్రకటన. చివర్లో ప్రార్థన, అంటే కోర్టు ఏం చేయాలని కోరుతున్నారో. ఈ ప్రార్థనలో 'పిటిషనర్లు ఏ4, ఏ5కు సంబంధించినంత వరకు' అన్న మాట తప్పనిసరి. వీటికి అఫిడవిట్, వకాలత్, మెటీరియల్ పేపర్లు జత చేస్తారు.

గ్రౌండ్ ఎలా రాయాలి? తేడా ఇదీ

ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాసి చూస్తే తేడా తెలుస్తుంది. కోర్టులో ఇది ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఇక్కడ అర్థం కోసం తెలుగులో.

బలహీనమైన గ్రౌండ్: 'పిటిషనర్లు అమాయకులు. వారు ఎన్నడూ కట్నం అడగలేదు. రెండో రెస్పాండెంట్ ప్రవర్తన మంచిది కాదు. పిటిషనర్లను వేధించడానికే ఈ తప్పుడు కేసు పెట్టారు.'

బలమైన గ్రౌండ్: 'ఫిర్యాదులో పిటిషనర్ల ప్రస్తావన మూడు చోట్ల మాత్రమే ఉంది. మూడో వాక్యంలో ఐదుగురు నిందితులను కలిపి వేధించారన్నారు తప్ప పిటిషనర్లలో ఎవరు, ఏ తేదీన, ఎక్కడ, ఏం చేశారో చెప్పలేదు. ఐదో వాక్యంలో ఏ మాటలతో రెచ్చగొట్టారో, ఎప్పుడో చెప్పలేదు. ఫిర్యాదులో తేదీ ఉన్న ఏకైక ఘటన 2024 సెప్టెంబర్ 15ది. ఆ ఘటనలో పిటిషనర్లు ఉన్నట్టు ఫిర్యాదుదారే చెప్పలేదు. ఈ ఆరోపణలన్నీ నిజమనుకున్నా సెక్షన్ 86లో చెప్పిన క్రూరత్వం ఈ పిటిషనర్ల వరకు కనబడదు.'

రెండోదాంట్లో ఫిర్యాదుదారును ఒక్క మాట అనలేదు. 'అబద్ధం' అన్న పదమే లేదు. జడ్జి ఎఫ్ఐఆర్ తిప్పి చూస్తే ప్రతి మాటా సరిపోతుంది.

ఆమె వ్యక్తిత్వం మీద రాతలు రాయడం వల్ల నష్టమే ఎక్కువ. క్వాష్ దశలో అవి దేన్నీ రుజువు చేయవు. పైగా వేధించే కుటుంబమే ఇలా రాస్తుందన్న అభిప్రాయం కలిగిస్తాయి.

సెక్షన్ 86లో రెండు భాగాలు ఉన్నాయన్నది కూడా మరవకూడదు. ఆత్మహత్యకు పురిగొల్పేంత లేదా శారీరకంగానో మానసికంగానో తీవ్ర హాని కలిగించేంత ప్రవర్తన మొదటిది. డబ్బు, ఆస్తి కోసం చట్టవిరుద్ధమైన డిమాండ్‌తో వేధించడం రెండోది. 'కట్నం డిమాండ్ లేదు కాబట్టి కేసే లేదు' అని రాసి వదిలేస్తే మొదటి భాగానికి జవాబు ఇవ్వనట్టే. కట్నం డిమాండ్ లేకపోయినా 498ఏ వర్తించొచ్చని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే గ్రౌండ్స్‌లో రెండు భాగాలకూ విడివిడిగా జవాబు ఉండాలి.

ఆడపడుచు కట్నం.. ఇక్కడే అసలు చిక్కు

తెలుగు ఇళ్లల్లో ఆడపడుచు కట్నం, లాంఛనాలు అనేవి మామూలు మాటలు. కానీ వరకట్న నిషేధ చట్టంలోని సెక్షన్ 3 ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. శిక్ష ఐదేళ్లకు తగ్గకూడదని చట్టం చెబుతోంది. కట్నం అడగడం సెక్షన్ 4 కిందకు వస్తుంది. దానికి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు.

మన ఉదాహరణలో ఆడపడుచు తరఫువాళ్లు సహజంగా రాసేది ఏంటంటే.. 'ఆ రూ.లక్ష మేం అడగలేదు, ఆచారం ప్రకారం వాళ్లే సంతోషంగా ఇచ్చారు' అని. ఈ ఒక్క వాక్యంతో డబ్బు తీసుకున్నట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు అవుతుంది. అడగకుండా ఇచ్చిన కానుకలకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దానికి కానుకల జాబితా రాసి ఉండాలి, ఆ కానుకలు ఆచారం ప్రకారం ఇచ్చినవై, ఇచ్చినవారి స్థోమతకు మించకుండా ఉండాలి. మన పెళ్లిళ్లలో ఆ జాబితా రాసేవాళ్లు ఎందరు? మినహాయింపు ఉందో లేదో తేలాలంటే మళ్లీ ట్రయల్ తప్పదు.

దీనికి పూర్తి విరుద్ధంగా 'ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు' అని రాయడం ఇంకో ప్రమాదం. నిజంగా తీసుకుని ఉంటే అది ప్రమాణం చేసి సంతకం పెట్టిన అఫిడవిట్‌లో అబద్ధం అవుతుంది. దానికి వేరే కేసు ఎదుర్కోవాల్సి రావచ్చు.

సరైన దారి మళ్లీ ఫిర్యాదులోకే వెళ్లడం. మొదటి వాక్యంలో 'ఇచ్చారు' అని ఉంది. ఎవరి చేతికి ఇచ్చారు? ఎవరు అడిగారు? ఎప్పుడు? చెప్పలేదు. 'ఏ4 అడిగినట్టు గానీ, ఏ4 చేతికి ఇచ్చినట్టు గానీ ఫిర్యాదులో లేదు' అని రాస్తే అది నిజం. దాంట్లో ఒప్పుకోలూ లేదు, అబద్ధమూ లేదు.

అయినా ఈ రూ.లక్ష విషయంలో జడ్జికి సందేహం మిగలొచ్చు. అప్పుడు ఏ5 మీద కేసు మొత్తం పోయి, ఏ4 మీద సెక్షన్ 3 వరకు కేసు మిగిలే అవకాశం ఉంది. ఈ సంగతి క్లయింట్‌కు ముందే చెప్పడం లాయర్ బాధ్యత.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చా?

చాలామంది వంద పేజీల చాట్‌లు, కాల్ రికార్డింగ్‌లు తెచ్చి లాయర్ టేబుల్ మీద పెడతారు. క్వాష్ దశలో వీటికి విలువ తక్కువ. 'ఆ మెసేజ్ నాది కాదు' అని అవతలివాళ్లు అంటే చాలు, అది తేల్చాల్సిన వివాదం అయిపోతుంది. నిందితుల వైపు పత్రాలను ఈ దశలో చూడాలంటే అవి ఎవరూ కాదనలేనంత గట్టివై ఉండాలని, ఆరోపణను పూర్తిగా తోసిపుచ్చేలా ఉండాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి పనికొచ్చేవి కొన్నే. ఏ4 పెళ్లి సర్టిఫికెట్, విశాఖలో ఆమె చిరునామా చూపించే ఆధార్, ఏ5 ఎక్కడ పనిచేస్తున్నాడో బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్, విడాకుల నోటీసు, అది అందినట్టు పోస్టల్ రసీదు. వేరే ఊళ్లో ఉంటున్నారన్న ఒక్క కారణంతో కేసు పోదు. కానీ నిర్దిష్ట ఆరోపణ లేకపోవడానికి అది తోడైతే బలం వస్తుంది.

విడాకుల నోటీసు తర్వాతే ఫిర్యాదు వచ్చిందన్న వాదనా అంతే. తేదీలు చూపించి వదిలేయాలి. కాపురం నిలబడుతుందేమోనని ఏళ్ల తరబడి ఓర్చుకుని, నోటీసు చేతికి వచ్చాకే స్టేషన్ మెట్లు ఎక్కే ఆడవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి జడ్జిలకు తెలుసు. దీన్నే ప్రధాన గ్రౌండ్‌గా పెడితే నిలవదు, చివరి గ్రౌండ్‌గా పెడితే ఉపయోగపడుతుంది.

ఏ తీర్పు చూపించాలి?

పాతిక తీర్పులు చేర్చితే పిటిషన్ బరువు పెరుగుతుంది తప్ప బలం పెరగదు. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఎక్కువగా చూపించేది 2024 డిసెంబర్ 10 నాటి సుప్రీంకోర్టు తీర్పు. తెలంగాణలో నమోదైన కేసు అది. హైకోర్టు క్వాష్‌కు నిరాకరిస్తే జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఎన్.కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం కేసును రద్దు చేసింది. కుటుంబ సభ్యుల పేర్లు ఊరికే చేర్చి, వాళ్ల పాత్ర ఏమిటో చెప్పని ఆరోపణలను మొదట్లోనే తుంచేయాలని పేర్కొంది. క్రూరత్వానికి గురైన మహిళ మౌనంగా ఉండాలని తాము చెప్పడం లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో మాటను వదిలేసి మొదటి మాటనే పిటిషన్‌లో పెడితే ఎదుటి లాయర్ అదే తీర్పు తీసి మిగతాది చదువుతారు.

పిటిషన్ వేస్తే అరెస్ట్ ఆగుతుందా?

ఆగదు. పిటిషన్ వేయడం వేరు, స్టే రావడం వేరు. స్టే కోసం మధ్యంతర అప్లికేషన్ విడిగా వేయాలి. 'తదుపరి చర్యలన్నీ నిలిపేయండి' అని ఒక్క లైన్ రాస్తే సరిపోదు. కారణాలు చెప్పకుండా యాంత్రికంగా అలాంటి ఉత్తర్వులు ఇవ్వొద్దని 2021 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు హైకోర్టులకు చెప్పింది. అందుకే ఈ అప్లికేషన్‌లో దాని కారణాలు దానికి ఉండాలి.

ఈలోగా పోలీసులు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వొచ్చు. పాత సీఆర్పీసీలో దీన్నే 41ఏ నోటీసు అనేవారు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్ట్ చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందినవాళ్లు స్టేషన్‌కు వెళ్లి దర్యాప్తుకు సహకరించాలి. 'హైకోర్టులో పిటిషన్ వేశాం కదా' అని వెళ్లకుండా ఉంటే ఆ రక్షణ పోతుంది, అరెస్ట్‌కు పోలీసులకు కారణం దొరుకుతుంది.

మధ్యలో ఛార్జిషీట్ వేస్తే?

పిటిషన్ పెండింగ్‌లో ఉండగానే పోలీసులు ఛార్జిషీట్ వేయడం తరచూ జరుగుతుంది. అంతమాత్రాన పిటిషన్ చెల్లకుండా పోదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ పాత పిటిషన్‌ను అలాగే వదిలేయకూడదు. క్రైమ్ నంబర్ స్థానంలో సీసీ నంబర్ వచ్చేలా ప్రార్థనను సవరించాలి. ఛార్జిషీట్, సాక్షుల వాంగ్మూలాలు తెచ్చి జత చేయాలి.

ఇక్కడ వాదనే మారిపోవచ్చు. ఫిర్యాదులో లేని తేదీ ఒకటి సాక్షి వాంగ్మూలంలో కనబడొచ్చు. 'దసరాకు ఆడపడుచు కూకట్‌పల్లి వచ్చి డబ్బు గురించి గొడవ చేసింది' అని ఆమె తండ్రి చెప్పి ఉంటే, 'మా మీద ఏ ఘటనా లేదు' అన్న గ్రౌండ్ అక్కడితో పోతుంది. అలా కాకుండా వాంగ్మూలాలన్నీ ఫిర్యాదులోని మాటలనే తిప్పి చెబుతుంటే పిటిషన్ ఇంకా బలపడుతుంది. దర్యాప్తు పూర్తయినా కొత్తగా ఏమీ దొరకలేదని చూపించొచ్చు. ఇదే భజన్‌లాల్ తీర్పులోని మూడో సందర్భం. ఈ దశలో కింది కోర్టుకు ప్రతి వాయిదాకూ హాజరు కాకుండా మినహాయింపు కోరుతూ మరో అప్లికేషన్ కూడా వేస్తారు. విశాఖ నుంచి హన్మకొండకు తిరగాల్సిన వాళ్లకు ఇది చాలా అవసరం.

పిటిషన్ కొట్టేస్తే దారి మూసుకుపోయినట్టేనా?

కాదు. ట్రయల్ కోర్టులోనే డిశ్చార్జ్ పిటిషన్ వేయొచ్చు. అయితే దీనికి కొత్త చట్టంలో గడువు ఉంది. ఛార్జిషీట్ కాపీలు అందిన 60 రోజుల్లోగా డిశ్చార్జ్ కోరాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 262 చెబుతోంది. హైకోర్టులో పిటిషన్ ఉంది కదా అని ఈ తేదీని మర్చిపోయేవాళ్లు ఉన్నారు. కాపీలు చేతికి వచ్చిన రోజునే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.

పిటిషన్ గెలిచినా అది ఏ4, ఏ5 వరకే. భర్త, అత్తమామల మీద కేసు నడుస్తుంది. సెప్టెంబర్ 15 రాత్రి ఏం జరిగిందో చెప్పుకునే అవకాశం ఫిర్యాదు ఇచ్చిన మహిళకు అలాగే ఉంటుంది. ఇక ఇరువైపులా రాజీ కుదిరి కేసు రద్దు కోరడం అనేది వేరే రకం పిటిషన్. అందులో ఆరోపణల బలాబలాలు చూడరు, రాజీ నిజమైనదా, ఆమె ఇష్టపూర్వకంగా ఒప్పుకుందా అన్నదే చూస్తారు. ఈ రెండింటినీ ఒకే పిటిషన్‌లో కలపకూడదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ప్రతి కేసులో ఆరోపణలు, తేదీలు, సెక్షన్లు వేరుగా ఉంటాయి. పిటిషన్ వేసే ముందు ఎఫ్ఐఆర్ కాపీతో హైకోర్టులో ప్రాక్టీస్ చేసే న్యాయవాదిని సంప్రదించాలి. లాయర్‌ను పెట్టుకునే స్థోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను లేదా హైకోర్టు న్యాయ సేవల కమిటీని ఆశ్రయించవచ్చు.